పార్శిలు కిరాయి: తూకానికా, జాగాకా?



ఎండుమిర్చిని యార్డుకు తోలి కాటా వేయించటం మనకు తాతల నాటి నుంచి తెలిసిన పని. బస్తా ఎంత తూగితే అంతకే లెక్క. అయితే ఈ మధ్య కొందరు రైతులు రెండు కిలోలు, నాలుగు కిలోలు చొప్పున మిరపకాయలను నేరుగా పట్టణాలలోని ఇళ్లకు పార్శిలు చేసి పంపుతున్నారు. అక్కడ వారికొక చిక్కు ఎదురవుతున్నది. ఇంట్లో కాటా వేస్తే పెట్టె రెండున్నర కిలోలే తూగినది. కొరియరు రసీదులో మాత్రం ఆరు కిలోలని ఉన్నది. ఇదేమిటని అడిగితే “అది వాల్యూమెట్రిక్ వెయిటండీ” అన్నారు. ఇది మోసమా? కాదు. కాని దాని లెక్క తెలియనివాడికి మోసం జరిగినంత నష్టమూ జరుగుతుంది. ఆ లెక్క ఏమిటో ఈనాడు చెప్పుకొందాము.

వరిగడ్డి బండిని ఒకసారి తలచుకోండి. బండి నిండా గడ్డి వేశారు. ఎడ్లకు అది పెద్ద బరువు కాదు. అయినా ఆ బండిలో ఇక మరొక సరుకు పట్టదు. బండివాడు “తేలికే గదా” అని కిరాయి తగ్గిస్తాడా? తగ్గించడు. బండి నిండితే బండి కిరాయి ఇవ్వవలసిందే. అదే బండిలో వడ్ల బస్తాలు వేస్తే సగం నిండకముందే ఎడ్లు లాగలేమంటాయి. అప్పుడు కిరాయి బరువుకు. కొరియరువారి లారీకి, విమానానికి కూడా ఇదే న్యాయము. పెట్టె తూకము ఒకటి, పెట్టె ఆక్రమించిన జాగాకు కట్టిన తూకము ఒకటి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. ఆ రెండవదానినే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. మనం దానిని “జాగా తూకం” అందాము.

జాగా తూకం కట్టే విధానము కష్టమైనది కాదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలవండి. మూడింటిని హెచ్చవేయండి. వచ్చిన దానిని 5000తో భాగించండి. వచ్చినదే కిలోలలో జాగా తూకం. ఐదు వేల ఘన సెంటీమీటర్లంటే అయిదు లీటర్లు. అంటే పెట్టెలో ప్రతి అయిదు లీటర్ల జాగాకు ఒక కిలో చొప్పున లెక్క వేస్తారన్నమాట. మీ సరుకు అయిదు లీటర్ల డబ్బాలో ఒక కిలో కంటె ఎక్కువ పడితే మీరు తూకానికి చెల్లిస్తారు. ఒక కిలో కంటె తక్కువ పడితే జాగాకు చెల్లిస్తారు. బెల్లము, పసుపుకొమ్ములు, పప్పులు, మామిడికాయలు మొదటి జాతివి. ఎండుమిర్చి, మరమరాలు, పూతరేకులు, ఎండబెట్టిన మునగాకు రెండవ జాతివి. సరుకు పంపే ముందు ఒక అయిదు లీటర్ల డబ్బాతో ఈ పరీక్ష చేసి చూస్తే మీ సరుకు ఏ జాతిదో తేలిపోతుంది.

ఇప్పుడొక లెక్క చేసి చూద్దాము. గుంటూరు దగ్గరి పల్లె నుంచి హైదరాబాదుకు రెండు కిలోల తేజ రకం ఎండుమిర్చి పంపాలి. ఒక కొరియరులో మొదటి అర కిలోకు 50 రూపాయలు, ఆ పైన ప్రతి అర కిలోకు 30 రూపాయలు అనుకొందాము. ఈ రేటు మనం లెక్క నేర్చుకోవటానికి పెట్టుకొన్నది మాత్రమే. మీ ఊరి రేటు మీరు అడిగి తెలుసుకోవలెను. అర కిలో మెట్టు మీద ఒక్క గ్రాము ఎక్కినా పై మెట్టు కిందికే వస్తుందని గుర్తుంచుకోండి. పైన 18 శాతం జీఎస్టీ ఉన్నది.

మొదటి పద్ధతి. కాయలు విరగకూడదని పెద్ద అట్టపెట్టె తెచ్చి, అందులో కాయలను వదులుగా పోసి, పైన ఖాళీగా ఉన్న చోట కాగితాలు కుక్కారు. పెట్టె కొలత 40, 30, 25 సెంటీమీటర్లు. హెచ్చవేస్తే 30,000. అయిదు వేలతో భాగిస్తే 6 కిలోలు. కాటా మీద పెట్టెతో సహా 2 కిలోల 600 గ్రాములే. అయినా కిరాయి 6 కిలోలకే. అంటే పన్నెండు అర కిలోలు. మొదటి దానికి 50, మిగిలిన పదకొండింటికి 330, మొత్తం 380. జీఎస్టీ కలిపితే 448 రూపాయల 40 పైసలు. రెండు కిలోల మిర్చికి కిలోకు 224 రూపాయలు కిరాయికే పోయినది.

రెండవ పద్ధతి. అవే కాయలను దళసరి ప్లాస్టిక్ సంచిలో పోసి, అరచేతితో మెల్లగా అదిమి, లోపలి గాలి పోగొట్టి మూతి కట్టారు. ఆ సంచిని 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో సరిగ్గా అమర్చారు. హెచ్చవేస్తే 15,000. జాగా తూకం 3 కిలోలు. కాటా తూకం 2 కిలోల 300 గ్రాములు. కిరాయి 3 కిలోలకు, అంటే ఆరు మెట్లకు 200 రూపాయలు, జీఎస్టీతో 236. పెట్టె మార్చినందుకే పార్శిలుకు 212 రూపాయల 40 పైసలు మిగిలినవి. కాయ మారలేదు, ఊరు మారలేదు, కొరియరు మారలేదు.

మూడవ పద్ధతి. కాయలను ఆడించి రెండు కిలోల కారం అర కిలో పొట్లాలుగా కట్టి 25, 20, 12 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారు. జాగా తూకం 1 కిలో 200 గ్రాములు. కాటా తూకం 2 కిలోల 300 గ్రాములు. ఇక్కడ కాటా తూకమే పెద్దది. దాని మీద రెండున్నర కిలోలకు కిరాయి 170, జీఎస్టీతో 200 రూపాయల 60 పైసలు. అయితే కారం చేసి అమ్మాలంటే ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషను తీసుకోవలెను. ఆ ఖర్చు, ఆడించిన కూలి కలుపుకొంటే ఈ 35 రూపాయల తేడా ఏమాత్రం మిగులుతుందో మీరే చూసుకోవలెను. కేవలం కిరాయి కోసమే కారం ఆడించనక్కరలేదని ఈ లెక్క చెబుతున్నది.

కాయలు అదమటానికి వాటి మీద నీళ్లు చల్లితే మెత్తబడతాయి గదా అని కొందరనుకొంటారు. ఆ పని చేయవద్దు. మిర్చిలో తేమ 10, 11 శాతం దాటితే మూసిన సంచిలో బూజు పడుతుంది. బూజుతోపాటు అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుట్టవచ్చు. ఇటు మరీ గట్టిగా అదిమితే కాయ పగిలి గింజలు రాలుతాయి. కొన్నవారు సంచి విప్పగానే అడుగున గింజలు, పైన తొక్కలు చూస్తారు. కాబట్టి చేతితో అదిమితే కాయ వంగేంతవరకే అదమండి. పటపట విరిగే చప్పుడు వినగానే ఆపండి.

ఇప్పుడొక సూక్ష్మం. మన రెండవ పెట్టె జాగా తూకం సరిగ్గా 3 కిలోలు. చూడటానికి ఇది బాగానే ఉన్నది. కాని కొరియరు కేంద్రాలలో పెట్టెను మళ్లీ కొలుస్తారు. చాలా చోట్ల యంత్రమే కొలుస్తుంది. అది పెట్టె ఎక్కడ ఉబ్బి ఉంటే అక్కడి కొలతనే తీసుకొంటుంది. కాయలు లోపలి నుంచి నెట్టి పెట్టె పైభాగం ఒక్క సెంటీమీటరు ఉబ్బినదనుకోండి. ఎత్తు 21 అయినది. జాగా తూకం 3 కిలోల 150 గ్రాములు. అంటే మూడున్నర కిలోల మెట్టు. ఒక సెంటీమీటరుకు 30 రూపాయలు, జీఎస్టీతో 35 రూపాయల 40 పైసలు అదనము. అందుచేత పెట్టెను మెట్టు అంచు దాకా తీసుకుపోకుండా కొంచెం లోపలే ఉంచాలి. ఎత్తు 19 సెంటీమీటర్లు ఉంచితే జాగా తూకం 2 కిలోల 850 గ్రాములు. ఒక సెంటీమీటరు ఉబ్బినా మూడు కిలోల మెట్టు దాటదు.

అలాగని ఊరికే కుదించినా లాభం లేదు. ఎత్తు 20 నుంచి 18కి తగ్గించి కాయలు ఇంకా అదిమితే జాగా తూకం 2 కిలోల 700 గ్రాములు అవుతుంది. కిరాయి మాత్రం అదే మూడు కిలోలకు. రెండున్నర కిలోల మెట్టుకు రావాలంటే ఎత్తు 16కు దిగాలి. దానివల్ల మిగిలేది ఒక మెట్టు, అంటే 30 రూపాయలు. దానికోసం కాయ విరుగుతుందంటే ఆ ప్రయత్నం మానుకోవటమే మేలు.

ఇక దూరము, వేగము సంగతి. పెట్టె ఎన్ని అర కిలోల మెట్లో మీ చేతిలో ఉన్నది. ఒక్కొక్క మెట్టుకు ఎంత అన్నది దూరము, వేగము నిర్ణయిస్తాయి. కిరాయి ఈ రెండింటి హెచ్చవేత. ఇది మనసులో పెట్టుకొంటే రేట్ల పట్టికలన్నీ సుళువుగా అర్థమవుతాయి.

దూరాన్ని కొందరు కిలోమీటర్లతో, కొందరు మండలాలతో లెక్కిస్తారు. ఈ మండలాలకు రేటు పట్టికలో జోన్లు అని పేరు. స్పీడ్‌పోస్టువారు దూరాన్ని మెట్లుగా విడదీశారు: స్థానికము, 200 కిలోమీటర్ల లోపు, 201 నుంచి 500, 501 నుంచి 1000, 1001 నుంచి 2000, ఆ పైన. గుంటూరు నుంచి హైదరాబాదు మూడవ మెట్టులో పడుతుంది. ప్రైవేటు కొరియర్లలో పలువురు ఒకే నగరము, ఒకే రాష్ట్రము, పెద్ద నగరాల మధ్య, మిగతా దేశము, ఈశాన్య రాష్ట్రాలు, జమ్ముకాశ్మీరము అని విభజిస్తారు. ఈ రెండవ పద్ధతిలో ఒక వింత ఉన్నది. గుంటూరు నుంచి శ్రీకాకుళం నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. హైదరాబాదు అంతకంటె చాలా దగ్గర. అయినా 2014 నుంచి హైదరాబాదు వేరే రాష్ట్రంలో ఉన్నది గనుక కొన్ని పట్టికలలో దానికి రేటు ఎక్కువగా పడవచ్చు. మరికొన్నింటిలో రెండు తెలుగు రాష్ట్రాలను ఒకే జోనులో వేస్తారు. కాబట్టి దూరం చూసి ఊహించకండి. పిన్‌కోడు చెప్పి రేటు అడగండి.

వేగము సంగతి చూద్దాము. ఢిల్లీకి పంపాలి. విమానం మీద మొదటి మెట్టు 90, పై మెట్లు ఒక్కొక్కటి 80 రూపాయలనీ, రోడ్డు మీద మొదటి మెట్టు 60, పై మెట్లు 40 అనీ అనుకొందాము. చక్కగా అదిమిన మూడు కిలోల పెట్టెకు రోడ్డు మీద 260, విమానానికి 490. వదులుగా పోసిన ఆరు కిలోల పెట్టెకు రోడ్డు మీద 500, విమానానికి 970. చూశారా? ఒకే సరుకుకు, ఒకే ఊరికి కిరాయి 260 నుంచి 970 దాకా పోయినది. పెట్టెలో ఉన్న ఖాళీని మనమే విమానమెక్కించి ఢిల్లీకి పంపామన్నమాట. ఎండుమిర్చి నాలుగు రోజులు ఆలస్యమైతే చెడిపోయే సరుకు కాదు. కొన్నవారు తొందరపెడితే తప్ప దానికి విమానమెందుకు? మాగబోయే మామిడికి, కోసిన పూలకు వేగం కావాలి. అక్కడ రోజులు తగ్గించినందుకు ఇచ్చిన డబ్బు సరుకు దక్కటంలో తిరిగి వస్తుంది. మిర్చిలో తిరిగి రాదు.

రెండు కొరియర్లను పోల్చేటప్పుడు రైతులు తరచుగా మొదటి అంకెనే చూస్తారు. “ఇక్కడ మొదటి అర కిలో 50, అక్కడ 45. అదే చవక” అంటారు. ఆగండి. వారు దేనితో భాగిస్తారో అడిగారా? అందరూ 5000తోనే భాగించరు. 4500, 4000 పెట్టుకొన్నవారూ ఉన్నారు. భాగించే అంకె తగ్గినకొద్దీ జాగా తూకం పెరుగుతుంది. రెండవ కొరియరులో మొదటి మెట్టు 45, పై మెట్లు 27 అనీ, వారు 4000తో భాగిస్తారనీ అనుకొందాము. మన అదిమిన పెట్టె 15,000 గదా, అక్కడ అది 3 కిలోల 750 గ్రాములు, అంటే నాలుగు కిలోల మెట్టు. ఎనిమిది అర కిలోలకు 234 రూపాయలు. మొదటి కొరియరులో అదే పెట్టెకు 200. చవక అనుకొన్నది ప్రియమైనది.

అయితే కారం పెట్టెను అదే రెండవ కొరియరుకు ఇచ్చి చూడండి. జాగా తూకం అక్కడ కిలోన్నర. కాటా తూకం 2 కిలోల 300 గ్రాములే పెద్దది. రెండున్నర కిలోలకు 153 రూపాయలు. మొదటి కొరియరులో 170. ఇక్కడ రెండవదే చవక. కాబట్టి అందరికీ, అన్ని సరుకులకూ చవకైన కొరియరు ఒకటంటూ ఉండదు. తేలిక సరుకుకు భాగించే అంకె పెద్దదిగా ఉన్నవారు మేలు. బరువు సరుకుకు మెట్టు రేటు తక్కువగా ఉన్నవారు మేలు.

పట్టికలో చివరి వరసలు కూడా చదవండి. డీజిలు ఖర్చు పేరిట శాతం వేసేవారున్నారు. మారుమూల ఊళ్లకు చేర్చినందుకు వేరే రుసుము ఉండవచ్చు. కొందరు పది కిలోలు, ఇరవై కిలోలు కనీస తూకంగా పెట్టి కిలో రేటు తగ్గిస్తారు. రెండు కిలోల పెట్టెకు ఆ పట్టిక పనికిరాదు. ఒకే వీధిలోని పదిమంది కలిసి కొంటే మాత్రం అదే మేలు. ఆర్టీసీ కార్గో కౌంటరు వంటి చోట బస్‌స్టాండు నుంచి బస్‌స్టాండుకు పంపితే ఇంటిదాకా చేర్చే ఖర్చు తగ్గవచ్చు. కొన్నవారు వచ్చి తీసుకుపోతారా అన్నది ముందే అడిగి తెలుసుకోవలెను. ఎవరిని అడిగినా “నా పెట్టె కొలత ఇది, తూకం ఇది, పిన్‌కోడు ఇది, జీఎస్టీతో సహా చేతికి అందేదాకా మొత్తం ఎంత?” అని ఒకే ప్రశ్న వేయండి. అందరికీ ఒకే ప్రశ్న వేస్తేనే జవాబులు పోల్చటానికి వీలవుతుంది.

సరుకు అందాక డబ్బు చెల్లించే పద్ధతిలో మరొక మెలిక ఉన్నది. కొన్నవారు పెట్టె తీసుకోకపోతే అది తిరిగి మీకే వస్తుంది. పోయిన కిరాయి మీదే, చాలా కంపెనీలలో వచ్చిన కిరాయీ మీదే. మన అదిమిన పెట్టెకు పోను 236, రాను కూడా అంతే అనుకొంటే 472 రూపాయలు నష్టము. సరుకు ఇన్ని రోజులు లారీలలో తిరిగి వచ్చినది గనుక కాయ కూడా కొంత విరిగి ఉంటుంది. అందుచేత కొత్తవారి దగ్గర సరుకు డబ్బు తరువాత తీసుకొన్నా, కిరాయి డబ్బు మాత్రం ముందుగా తీసుకోవటం మంచిది.

బిల్లులో తూకం తేడా వస్తే ఏమి చేయాలి? పెట్టె మూసిన తరువాత మూడు ఫోటోలు తీయండి. ఒకటి కాటా మీద అంకె కనిపించేటట్లు. రెండవది పొడవు, వెడల్పుల మీద టేపు పెట్టి. మూడవది ఎత్తు మీద టేపు పెట్టి. మూడింటిలోనూ చిరునామా చీటీ గాని, పార్శిలు నంబరు గాని కనిపించాలి. ఈ రుజువు ఉంటే అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరం చెప్పటానికి గడువు ఉంటుంది. అది ఎన్ని రోజులో మొదటే అడిగి రాసి ఉంచుకోండి. గోనె సంచి చుట్టి పంపితే మాత్రం వాదన నిలవదు. సంచికి మూలలు ఉండవు, యంత్రం దాని ఉబ్బెత్తులన్నిటినీ కలిపి నలుచదరపు పెట్టెగానే కొలుస్తుంది.

గ్రామ విస్తరణ సిబ్బందికి ఒక మాట. మీ గ్రామంలో నలుగురైదుగురు రైతులు ఇలా పార్శిళ్లు పంపుతుంటే, ప్రతివారూ ఒక కొలత పెట్టె కొనకుండా కిలో, రెండు కిలోలు, అయిదు కిలోల సరుకుకు మూడు కొలతల పెట్టెలు నిర్ణయించండి. ఒక్కొక్క పెట్టెలో సరుకు నింపి, మూసి, ఉబ్బుతో సహా కొలవండి. జాగా తూకం ఎంతో లెక్క కట్టి పెట్టె అట్ట మీదనే రాయించండి. రైతుకు అప్పుడు ఆ అంకె ఒకటి, కాటా అంకె ఒకటి, రెండే చూసుకోవలసి ఉంటుంది. ఏది పెద్దదైతే అదే కిరాయి తూకం. కొరియరు రేట్లు మారుతూ ఉంటాయి గనుక గోడ మీద అంటించే పట్టిక అడుగున అది ఏ తేదీదో తప్పక వేయండి. పాత పట్టిక చూసి ధర చెప్పి, కొత్త రేటుకు పంపితే తేడా రైతు జేబులోంచే పోతుంది.

ఈ వారం ఒక పని చేయండి. మీరు చివరిసారి పంపిన పార్శిలు రసీదు బయటికి తీయండి. అందులో రాసిన తూకాన్ని, మీ కాటా తూకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే వచ్చే పెట్టె చిన్నదిగా తెచ్చుకోండి. సెలవు.